ఆలస్యమైన ఆదాయపు పన్ను రీఫండుకై లేఖ

సెలవు కోసమో, బదిలీ కోసమో రాసే లేఖ విన్నపం. ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారి ఇష్టం. పన్ను రీఫండు కోసం రాసే లేఖ ఆ కోవలోకి రాదు. ఎక్కువగా చెల్లించిన పన్నును తిరిగి ఇవ్వాలని, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలని చట్టమే చెబుతున్నది. అందుచేత ఇందులో ప్రాధేయపడవలసిన పని లేదు. డబ్బు ఎక్కడ ఆగిందో తెలుసుకుని, అక్కడి అధికారి చేయవలసిన ఒక్క పనిని స్పష్టంగా అడగాలి. (ఈ పాఠంలో పేర్కొన్న సెక్షన్లన్నీ 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానివి.)

ముందుగా స్థితిని చదవడం

ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో మీ రిటర్ను ఎదురుగా ఒక స్థితి కనిపిస్తుంది. ఉత్తరం ఎవరికి రాయాలో, అసలు రాయాలో అక్కర్లేదో అదే చెబుతుంది.

"Successfully e-Verified" అని ఉంటే రిటర్ను ఇంకా లెక్క తేలలేదని అర్థం. అది బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రం, అంటే సీపీసీ, దగ్గర ఉంది. రిటర్ను దాఖలు చేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలల వరకు సెక్షన్ 143(1) ఇంటిమేషన్ పంపే గడువు ఉంటుంది. 2023 జూలైలో దాఖలు చేసిన రిటర్నుకు ఆ గడువు 2024 డిసెంబరు 31. ఈ దశలో మీ ఊరి ఆదాయపు పన్ను కార్యాలయానికి ఎన్ని ఉత్తరాలు రాసినా వాళ్ళు చేయగలిగింది స్వల్పం.

"Refund failed" అని ఉంటే లోపం బ్యాంకు ఖాతాలో ఉంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైన తరువాత పాత ఖాతాల ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు మారాయి. ఇలాంటి మార్పును పోర్టల్‌లో నమోదు చేయకపోతే రీఫండు వెనక్కి పోతుంది. దీనికి ఉత్తరం అక్కర్లేదు. ఖాతాను మళ్ళీ ధ్రువీకరించుకుని, పోర్టల్‌లోనే "Refund Reissue" అభ్యర్థన పెట్టాలి.

మూడవది "Processed with refund due". లెక్క తేలింది, రీఫండు రావాలని శాఖే ఒప్పుకున్నది, అయినా డబ్బు రాలేదు. ఉత్తరం నిజంగా పనికివచ్చేది ఇక్కడే. దీని వెనుక తరచు పాత సంవత్సరపు బాకీ ఒకటి ఉంటుంది. సెక్షన్ 245 ప్రకారం రీఫండును పాత బాకీకి సర్దుబాటు చేసుకోవచ్చు, అయితే ముందు మీకు తెలియజేయాలి. ఆ బాకీని మీరు ఒప్పుకోకపోతే విషయం మీ అసెసింగ్ అధికారి నిర్ణయానికి వెళుతుంది. ఆయన తేల్చేవరకు రీఫండు కదలకపోవచ్చు.

ఒక ఉదాహరణ

వరంగల్‌కు చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలిని ఊహించుకుందాం. 2023-24 అసెస్‌మెంటు సంవత్సరానికి ఆమె పన్ను రూ. 41,600. పింఛను నుంచి, డిపాజిట్ల వడ్డీ నుంచి మూలంలో కోసిన పన్ను రూ. 60,000. రావలసినది రూ. 18,400. రిటర్ను 2023 జూలై 24న, గడువులోనే, వేశారు. డిసెంబరు 12న ఇంటిమేషన్ వచ్చింది. డబ్బు మాత్రం 2025 మార్చి వరకు రాలేదు.

పోర్టల్‌లో "Response to Outstanding Demand" తెరిస్తే కారణం కనిపించింది: 2012-13 అసెస్‌మెంటు సంవత్సరానికి రూ. 21,500 డిమాండు. ఆ ఏడాది ఆమె జీతంలో పన్ను కోశారు, ఫారం 16 కూడా ఇచ్చారు. కానీ జీతాలిచ్చే అధికారి సమర్పించిన త్రైమాసిక పత్రంలో పాన్ తప్పు పడడంతో ఆ మొత్తం ఫారం 26ఏఎస్‌లోకి ఎక్కలేదు. డిమాండును ఒప్పుకోవడం లేదని ఆమె 2024 ఫిబ్రవరి 5న పోర్టల్‌లో జవాబిచ్చారు. ఫైలు అసెసింగ్ అధికారి దగ్గర ఉండిపోయింది. ఉత్తరం కూడా ఆయనకే చేరాలి, బెంగళూరుకు కాదు. ఆ అధికారి ఎవరో పోర్టల్ మొదటి పుటలోని "Know Your AO"లో పాన్ ఇచ్చి తెలుసుకోవచ్చు.

నమూనా లేఖ

10-03-2025

ఆదాయపు పన్ను అధికారి గారికి,
వార్డు ……, వరంగల్.

విషయం: 2023-24 అసెస్‌మెంటు సంవత్సరపు రీఫండు నిలిచిపోవడం – 2012-13 డిమాండుపై నిర్ణయం కోరుట.

సూచిక:
పాన్: ……………
రిటర్ను అక్‌నాలెడ్జ్‌మెంటు నంబరు: ……………, తేది 24-07-2023
సెక్షన్ 143(1) ఇంటిమేషన్, తేది 12-12-2023
డిమాండుపై నా జవాబు, తేది 05-02-2024, ట్రాన్సాక్షన్ ఐడీ: ……………

ఆర్యా,

పై రిటర్నుపై రూ. 18,400 పన్ను, దానిపై వడ్డీ నాకు రావలసి ఉన్నట్లు ఇంటిమేషన్‌లో నిర్ణయించారు. నేటికి పోర్టల్‌లో స్థితి "Processed with refund due" అని ఉన్నది. సొమ్ము నాకు ముట్టలేదు.

2012-13 సంవత్సరానికి చూపుతున్న రూ. 21,500 నా జీతం నుంచి అప్పుడే మినహాయించబడినది. ఫారం 16, ఆ సంవత్సరపు జీతం బిల్లుల నకళ్ళు జతపరిచాను. మూలంలో కోసిన పన్నును తిరిగి నా నుంచి వసూలు చేయరాదని సెక్షన్ 205 చెబుతున్నది.

కావున ఆ డిమాండుకు నా రీఫండును సర్దుబాటు చేయవద్దని నిర్ణయించి, సీపీసీకి తెలియజేయవలసిందిగా, సొమ్ము చెల్లించే తేదీ వరకు సెక్షన్ 244ఏ వడ్డీతో రీఫండు విడుదల చేయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
(సంతకం, పేరు, చిరునామా, ఫోను)

లేఖలోని అంశాలు

అక్‌నాలెడ్జ్‌మెంటు నంబరులో 15 అంకెలుంటాయి. అది రిటర్ను రసీదు పైభాగంలో ఉంటుంది. ఈ-వెరిఫికేషన్ చేసినప్పుడు వచ్చే ట్రాన్సాక్షన్ ఐడీని దానికి బదులు రాసేవారున్నారు. దానితో అధికారికి రిటర్ను దొరకదు. సవరించిన రిటర్ను వేసి ఉంటే దానికి వేరే నంబరు వస్తుంది. చివరి నంబరును ప్రధానంగా రాసి, మొదటిదాన్ని పక్కన పేర్కొనాలి.

స్థితిని పోర్టల్‌లో ఉన్న మాటలతోనే, ఏ తేదీన చూశారో చెబుతూ రాయాలి. "నా రీఫండు ఇంకా రాలేదు" అన్న వాక్యాన్ని గుమాస్తా ఏ బల్లకైనా పంపవచ్చు. "Processed with refund due" అన్న మాట ఉంటే ఫైలును ఇంకా ప్రాసెస్ కాలేదంటూ తిప్పి పంపడం కుదరదు.

వడ్డీ సంగతి చాలామంది వదిలేస్తారు. గడువులో రిటర్ను వేసినవారికి, మూలంలో కోసిన పన్నుపై అసెస్‌మెంటు సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం వడ్డీ నడుస్తుంది. నెలలో కొంత భాగమైనా పూర్తి నెలగానే లెక్క. ఇంటిమేషన్ నాటికి తొమ్మిది నెలలు, అంటే రూ. 828. 2025 మార్చిలో చెల్లిస్తే ఇరవై నాలుగు నెలలు, రూ. 2,208. లేఖలో "చెల్లించే తేదీ వరకు" అన్న మాట లేకపోతే పాత 828తోనే సరిపెట్టే ప్రమాదం ఉంది. రీఫండు మొత్తం తేలిన పన్నులో పది శాతం కంటే తక్కువైతే మాత్రం వడ్డీ రాదు. వచ్చిన వడ్డీని ఆ ఏడాది ఇతర ఆదాయంగా రిటర్నులో చూపాలి.

పాత ఉత్తర్వును సవరించమని ఎందుకు అడగలేదని మీరనవచ్చు. సెక్షన్ 154 సవరణకు, ఉత్తర్వు వెలువడిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ళే గడువు. ఇక్కడ అది ఎప్పుడో దాటింది. అందుకే లేఖ సెక్షన్ 205ను పట్టుకున్నది. అది వసూలుకే అడ్డు.

లేఖను ఆయకార్ సేవా కేంద్రంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి, లేదా స్పీడ్ పోస్టులో పంపాలి. అదే పాఠాన్ని పోర్టల్‌లోని "Grievances"లో కూడా నమోదు చేస్తే రెండో ఆధారం ఉంటుంది. నెల దాటినా కదలిక లేకపోతే, అసలు లేఖ తేదీని, రసీదు నంబరును సూచికలో చేర్చి పై అధికారికి జ్ఞాపిక పంపవచ్చు. భాష విషయానికొస్తే, రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న భాషలో అర్జీ ఇచ్చుకునే హక్కు మనకుంది. అయినా ఈ కార్యాలయాల్లో ఇంగ్లీషు ప్రతిని కూడా జతచేస్తే పని త్వరగా సాగుతుందని నా అభిప్రాయం.

అభ్యాసం: పై ఉదాహరణలో 2012-13 పన్ను జీతంలో కోయలేదని, డిమాండు నిజమైనదేనని అనుకోండి. అయితే 2018లో ఆమె ఆ సొమ్మును చలానాతో చెల్లించారు. లేఖలో ఏ పేరా మారుతుంది? ఏ పత్రం జతచేయాలి? సెక్షన్ 205 ప్రస్తావన ఉంచవచ్చునా?