కొట్టేసిన ఆప్షన్‌లోనే జవాబు

మా అక్క కొడుకు ఏపీపీఎస్సీ గ్రూప్-2 ప్రిలిమ్స్‌కి చదువుతున్నాడు. 150 బిట్లు, 150 మార్కులు. తప్పు పెడితే మార్కులో మూడో వంతు కోత. "తెలియని బిట్లు వదిలేయాలా, ఏదో ఒకటి పెట్టేయాలా మామయ్యా? కోచింగ్‌లో ఒక సారు వదిలేయమంటారు, ఇంకో సారు ఒక్కటీ వదలొద్దంటారు" అన్నాడు మొన్న పండక్కి వచ్చినప్పుడు.

ఇద్దరు సార్ల మాటా సగం నిజమే. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి దిద్దితే, సగటున నాలుగు బిట్లకి ఒకటి తగులుతుంది. అది ఒక మార్కు తెస్తుంది. మిగిలిన మూడు తప్పులూ కలిసి అదే మార్కు పట్టుకుపోతాయి. లాభమూ లేదు, నష్టమూ లేదు. కోత మూడో వంతే ఎందుకంటే, నాలుగు ఆప్షన్ల పేపర్లో గుడ్డి గెస్ ఫలితాన్ని సున్నా చేసే కోత సరిగ్గా అదే. ఐదు ఆప్షన్లుంటే పావు మార్కు కోత ఆ పని చేస్తుంది.

అన్ని పరీక్షలూ ఇలా ఉండవు. నీట్‌లో ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. అక్కడ 20 బిట్లు కళ్లు మూసుకుని దిద్దినా, సగటున 5 ఒప్పులకి 20 వచ్చి 15 తప్పులకి 15 పోతాయి. ఐదు మార్కులు మిగులు. నెగటివ్ అన్న మాటకే జడిసి అక్కడ ఖాళీలు వదిలే పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది. ఎప్‌సెట్‌లోనైతే కోతే లేదు, వదలడంలో అర్థమే లేదు.

మావాడి మూడో వంతు సంగతికొస్తే, ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తెలిస్తే చాలు, తూకం మనవైపు మొగ్గుతుంది. మిగిలిన మూడింట్లో ఒకటి దిద్దితే, మూడు బిట్లకి ఒక ఒప్పు, రెండు తప్పులు. మార్కు వచ్చి, అందులో రెండు వంతులు పోతాయి. రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాట అయితే ఇంకా మేలు, రెండు బిట్లకి మార్కులో రెండు వంతులు నికరం. కాగితం మీద ఇంతే. పేచీ అంతా "కచ్చితంగా కాదు" అన్న మాటలోనే ఉంది.

అందుకే వాడితో ఒక పని చేయించాను. మాక్ టెస్ట్ రాసేటప్పుడే ప్రశ్నపత్రంలో ప్రతి బిట్ పక్కన ఒక గుర్తు. నిస్సంకోచంగా తెలిస్తే టిక్కు, రెండింటి మధ్య ఆగితే 2, ఒక్కటే కొట్టేసి మూడు మిగిలితే 3, అసలేమీ తెలియకపోతే సున్నా. కీ చూశాక ఈ గుర్తులు పెట్టకూడదు. జవాబు చూశాక అంతా ముందే తెలిసినట్టే అనిపిస్తుంది మరి.

ఐదు మాక్‌లయ్యాక కూర్చుని లెక్కేశాం. 2 గుర్తువి 120 వస్తే 64 ఒప్పు, 56 తప్పు. కోత పోను 45 మార్కుల పైచిలుకు మిగిలాయి, అంటే మాక్‌కి తొమ్మిది. ఇవి వదిలేసి ఉంటే ఎంత పోయేదో! 3 గుర్తువి 90. మూడో వంతు, అంటే 30 తగలాలి. తగిలినవి 19. కోత తీసేస్తే దాదాపు ఐదు మార్కుల నష్టం. గుడ్డిగా దిద్దినా 22 దాకా తగిలేవి కదా.

ఒక్కొక్క బిట్టూ తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. 90లో 31 చోట్ల సరైన జవాబు వాడు కొట్టేసిన ఆప్షనే! ఎందుకు కొట్టేశావురా అంటే రెండు కారణాలే చెప్పాడు. ఒకటి, ఆ పేరు తనెప్పుడూ వినలేదు. రెండోది, ఆ వాక్యంలో "మాత్రమే" అనో "అన్ని" అనో ఉంది, అలాంటివి తప్పే ఉంటాయని ఎవరో చిట్కా చెప్పారు. ఆ చిట్కా పేపరు తయారుచేసేవాళ్లకి తెలియకుండా ఉంటుందా? మనం వినని పేరు మన చదువులోని ఖాళీని చూపిస్తుందే తప్ప, ఆ ఆప్షన్ తప్పని చెప్పదు. "ఈ చట్టం వచ్చింది స్వాతంత్ర్యం తర్వాత, కాబట్టి 1935 కాదు" అన్నది కొట్టివేత. "ఏమో, ఇది కాదనిపిస్తోంది" అన్నది కాదు.

ఇక సున్నా గుర్తువి, మాక్‌కి 30 దాకా. దిద్దినా సగటు సున్నాయే, కానీ అదృష్టాన్ని బట్టి మూడు మార్కులు పెరగడమో తరగడమో మామూలే. మాక్‌లలో కటాఫ్ దాటి హాయిగా ఉన్నవాడికి ఆ జూదం అనవసరం. రెండు మూడు మార్కుల దూరంలో ఆగిపోతున్నవాడికైతే వదిలేస్తే ఓటమి ఖాయం, దిద్దితే ఒక అవకాశం. మావాడు మొదటి రకం, అందుకే వదిలేయమన్నాను.

ఇప్పుడు ఆప్షన్ కొట్టేసే ముందు పక్కన ఒక్క ముక్కలో కారణం రాస్తున్నాడు. రాయలేకపోతే ఆ గీత చెరిపేసి సున్నా చుడుతున్నాడు. ఆరో మాక్‌లో 3 గుర్తువి 18 నుంచి ఏడుకి పడ్డాయట, అందులో మూడు తగిలాయని రాత్రి ఫోన్ చేశాడు. ఏడింటితో ఏమీ తేలదు, ఇంకో నాలుగు మాక్‌లు రాశాక మాట్లాడదాం అన్నాను.