పాత ఆవర్జా నుంచి స్ప్రెడ్‌షీట్‌కు

చేతిరాత ఆవర్జా పేజీని స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించేటప్పుడు రెండు పనులు కలిసిపోకూడదు. కాగితం మీద కనిపించినది రాయడం ఒకటి, అది ఏ అంకెయో తేల్చడం మరొకటి. రెండూ ఒకే గడిలో చేరితే, తర్వాత చూసేవారికి ఏది వ్యాపారి రాసినదో, ఏది ఎక్కించినవారి ఊహో తెలియదు. అందుకే పద్దు ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, తేల్చిన విలువ వేరే గడుల్లో ఉండాలి.

మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అంతకు ముందరి లెక్కలు రూపాయలు, అణాలు, పైలలో ఉంటాయి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, అంటే రూపాయికి 192 పైలు. 5 రూపాయల 8 అణాలను 5-8 అని ఒకే గడిలో కొడితే స్ప్రెడ్‌షీట్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాసే గడికి ముందే టెక్స్ట్ ఫార్మాట్ పెట్టుకోవాలి. రూపాయలకు F, అణాలకు G, పైలకు H నిలువు వరుసలు కేటాయిస్తే, I వరుసలో మొత్తాన్ని పైలలోకి మార్చే సూత్రం ఇది:

```
=F2*192+G2*12+H2
```

ఉదాహరణకు, 1956 నాటి ఒక కిరాణా ఆవర్జాలో ఒకరి ఖాతా కింద నాలుగు పద్దులు ఉన్నాయనుకుందాం. బియ్యం 42-8-0. కందిపప్పు పదిహేడు రూపాయలో పదకొండు రూపాయలో తెలియడం లేదు, నాలుగు అణాలు మాత్రం స్పష్టం. నూనె 23-12-0. బెల్లం దగ్గర 9-8-0 కొట్టేసి, దాని పైన 6-8-0 రాశారు. పేజీ అడుగున మొత్తం 90-0-0.

కందిపప్పు అంకెకు మొదటి సాక్ష్యం ఆ రాసిన చేతే. స్పష్టంగా ఉన్న తేదీల్లో, పేజీ నంబర్లలో అదే చేతి 1, 7 ఎలా ఉన్నాయో చూడాలి. కొందరు 1కి తల దగ్గర చిన్న వంపు ఇస్తారు, కొందరి 7 అడ్డగీత పొట్టిగా ఉంటుంది. అప్పటికీ తేలకపోతే, 1?-4-0 అని ఉన్నది ఉన్నట్టు గడిలో రాసి ముందుకు వెళ్లాలి.

రెండో సాక్ష్యం కూడిక. కందిపప్పు 11-4-0, బెల్లం 6-8-0 అనుకుంటే మొత్తం 84-0-0 వస్తుంది, ఆరు రూపాయలు తక్కువ. 7కీ 1కీ తేడా ఆరే కాబట్టి ఇది అంకె పొరపాటును సూచిస్తుంది. కొట్టేసిన 9-8-0ను లెక్కిస్తే కందిపప్పు 11 అయితే 87, 17 అయితే 93. కందిపప్పు 17-4-0, బెల్లం 6-8-0 అయినప్పుడే సరిగ్గా 90 కుదురుతుంది. అప్పుడు F గడిలో 17 వేసి, గమనికలో ‘మొత్తాన్ని బట్టి తేల్చినది’ అని రాయాలి.

కొట్టివేతను వదిలేయకూడదు, దానికి వేరే వరుస ఇవ్వాలి. స్థితి గడిలో ‘కొట్టివేత’ అని, మిగతా పద్దులకు ‘లెక్కలో’ అని రాస్తే, ఈ సూత్రం లెక్కలో ఉన్నవే కూడుతుంది:

```
=SUMIF(J2:J6,"లెక్కలో",I2:I6)
```

ఈ ఉదాహరణలో జవాబు 17280 పైలు, అంటే 90 రూపాయలు.

అయితే గీతలన్నీ ఒకటి కావు. ఒక అంకె మీది గీత దిద్దుబాటు. పద్దు మొత్తం మీద ఉంటే అది రద్దు కావచ్చు, బాకీ తీరిపోయిన గుర్తూ కావచ్చు. ఈ రెండింటినీ వేరు చేయడానికి పేజీ మొత్తమే పనికొస్తుంది. ఆ పద్దు లేకుండా మొత్తం సరిపోతే, కూడక ముందే రద్దయిందని అనుకోవచ్చు. ఆ పద్దుతో కలిపితేనే సరిపోతే, గీత తర్వాత పడింది. అది అప్పు తీరాక గీసినది కావచ్చు కాబట్టి, ఆ పద్దు ‘లెక్కలో’నే ఉంటుంది, గీత సంగతి గమనికలో చేరుతుంది.

కూడిక సాక్ష్యానికీ పరిమితి ఉంది. ఒక పద్దు పెరిగి మరొకటి అంతే తగ్గితే మొత్తం మారదు. వ్యాపారి కూడికే తప్పయి ఉండవచ్చు కూడా. అందుకే అడుగున రాసిన మొత్తాన్ని దిద్దకుండా ఎక్కించి, సూత్రం ఇచ్చినదాన్ని పక్కన ఉంచి, తేడాను మరో గడిలో చూపాలి. ఆ తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడే పూర్తి రూపాయలైతే 45ను 54గా ఎక్కించినట్టు అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. అదే పద్దు చిట్టాలో ఉంటే, ఆ తేదీ తీసి పోల్చడం అన్నిటికంటే గట్టి సాక్ష్యం. అక్కడా తేలనిదానికి విలువ గడి ఖాళీగా ఉంచి, ఏయే అంకెలకు అవకాశముందో గమనికలో రాయాలి. సున్నా పెట్టకూడదు, ఎందుకంటే సున్నా కూడా ఒక విలువే.