పదివేలో పేజీకి దగ్గరి దారి

తెలుగు వికీపీడియాలో దిద్దుబాట్లు బాగా జరిగిన వ్యాసం ఏదైనా తెరిచి, పైన ‘చరిత్ర’ నొక్కండి. ఆ వ్యాసంలో ఎవరెప్పుడు ఏ మార్పు చేశారో జాబితా వస్తుంది. పాత మార్పుల కోసం మరోసారి నొక్కి, బ్రౌజర్‌లో చిరునామా ఉండే గడిని గమనించండి. అందులో `offset=` పక్కన 50 అనో 100 అనో ఉంటుందనుకుంటాం. ఉండదు. `20250114093015` లాంటి పొడవాటి అంకె, దాని తర్వాత ఒక నిలువు గీత (కొన్ని బ్రౌజర్లలో ఇది `%7C` గా కనిపిస్తుంది), ఆపైన ఇంకో సంఖ్య ఉంటాయి. మొదటిది 2025 జనవరి 14, 9 గంటల 30 నిమిషాల 15 సెకన్లు. రెండోది ఒక మార్పుకు ఇచ్చిన నంబరు.

ఇప్పటికి ఎన్ని మార్పులు చూపించామన్న లెక్క ఆ చిరునామాలో లేదు. చివరగా చూపించిన మార్పు ఏదో మాత్రం ఉంది. పెద్ద జాబితాలను పేజీలుగా విడగొట్టి పంపే ఈ పద్ధతికి కీసెట్ పేజినేషన్ అని పేరు. వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌లో పేజీల పని చూసే ఇండెక్స్‌పేజర్ అనే భాగం ఉంది. దాని తలమీదే రాసి పెట్టారు: మామూలు పద్ధతిలో డేటాబేస్ దాటేయాల్సిన వరుసలన్నీ లెక్కపెట్టుకుంటూ పోవాలి, దూరం పెరిగేకొద్దీ అది భారమవుతుంది, అందుకే ఈ దారి పట్టాం అని.

ఆ మామూలు పద్ధతి, అంటే ఆఫ్‌సెట్, ఎలా పనిచేస్తుందో చూద్దాం. `edits` అనే టేబుల్‌లో 10 లక్షల మార్పులున్నాయనుకోండి. కొత్తవి ముందు, పాతవి వెనుక. పేజీకి 50 చొప్పున 10,001వ పేజీ కావాలంటే ప్రోగ్రామర్లు సాధారణంగా ఇలా అడుగుతారు:

```
SELECT id, ts, title FROM edits
ORDER BY ts DESC, id DESC
LIMIT 50 OFFSET 500000;
```

మొదటి 5 లక్షలు వదిలేసి తర్వాతి 50 ఇమ్మని దీని అర్థం. చదవడానికి హాయిగానే ఉంది. ‘వదిలేయడం’ అన్న పని మాత్రం డేటాబేస్‌కు ఊరికే రాదు. ఐదు లక్షలో వరుస ఎక్కడుందో దానికి నేరుగా తెలిసే వీలు లేదు. మొదటి నుంచి ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ వచ్చి, 5 లక్షలూ చదివి పక్కన పడేసి, ఆ తర్వాతి 50 చేతికిస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తన అధికారిక పత్రాల్లోనే ఈ సంగతి ఒప్పుకుంటుంది: ఆఫ్‌సెట్ దాటేసిన వరుసలనూ సర్వర్ లోపల తయారు చేయాల్సిందేనని, అందుకే పెద్ద ఆఫ్‌సెట్ దండుగ కావచ్చని.

తెర ముందు కూర్చున్న మనిషి మూడో పేజీ దాటడం అరుదు కాబట్టి ఈ ఖర్చు చాలాకాలం బయటపడదు. ఏపీఐ ద్వారా ఒక ప్రోగ్రాం మొత్తం జాబితాను తోడుకోవడానికి వచ్చినప్పుడు అసలు కథ మొదలవుతుంది. అది మొదటి పేజీతో ఆగదు, చివరి దాకా పోతుంది. 10 లక్షల వరుసలను విడతకు 500 చొప్పున తెచ్చుకోవాలంటే 2,000 సార్లు అడగాలి. మొదటిసారి డేటాబేస్ 500 చదువుతుంది, రెండోసారి 1,000, మూడోసారి 1,500, చివరిసారి పూర్తిగా 10 లక్షలు. అన్నీ కూడితే 100 కోట్లు దాటుతుంది. చేతికి వచ్చింది 10 లక్షలు, చదివింది 100 కోట్లు!

కీసెట్ పద్ధతి ఇదే పనికి 10 లక్షలు మాత్రమే చదువుతుంది. కిటుకంతా ఇండెక్స్‌లో ఉంది. ఇండెక్స్ అంటే నిఘంటువులా ముందే వరుసపెట్టి ఉంచిన జాబితా. నిన్న ‘తలుపు’ దాకా చదివి ఆపినవాడు ఇవాళ మొదటి పేజీ నుంచి మాటలు లెక్కపెట్టడు, నేరుగా ‘తలుపు’ దగ్గర తెరిచి ముందుకు సాగుతాడు. డేటాబేస్‌కూ అలాగే ఆగిన చోటు చెబితే చాలు:

```
SELECT id, ts, title FROM edits
WHERE (ts, id) < ('2025-01-14 09:30:15', 6021457)
ORDER BY ts DESC, id DESC
LIMIT 50;
```

దీనికి తోడుగా అదే క్రమంలో ఒక ఇండెక్స్ ఉండి తీరాలి:

```
CREATE INDEX edits_ts_id ON edits (ts, id);
```

ఇది లేకపోతే పైన ఎంత అందంగా రాసినా ప్రయోజనం లేదు. డేటాబేస్ టేబులంతా గాలించి, అడిగిన ప్రతిసారీ మళ్లీ వరుసపెట్టాల్సి వస్తుంది. ఇండెక్స్ ఉంటే రెండో పేజీకైనా పదివేలో పేజీకైనా పని దాదాపు ఒక్కటే.

సమయం ఒక్కటి సరిపోదా, పక్కన ఆ నంబరెందుకు? తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. వికీపీడియాలో బాట్లు, అంటే మనుషుల బదులు మార్పులు చేసే చిన్న ప్రోగ్రాములు, ఒకే సెకనులో నాలుగైదు దిద్దుబాట్లు చేయగలవు. 9:30:15కి ఐదు మార్పులు జరిగాయనుకోండి. పేజీ చివర వాటిలో మూడింటికే చోటు దొరికింది. చివరగా చూపించింది 6021457. అదే సెకనుకు చెందిన 6021456, 6021455 మిగిలిపోయాయి. తర్వాతి పేజీకి సమయం ఒక్కటే ఇచ్చి ‘దీనికంటే పాతవి’ అని అడిగితే ఆ రెండూ ఎప్పటికీ కనిపించవు. పోనీ ‘దీనికి సమానమైనవీ ఇవ్వు’ అంటే, చూసినవే మళ్లీ వస్తాయి. ఒకే సమయం ఉన్న వరుసలు పేజీకి పట్టేదానికంటే ఎక్కువైతే ప్రోగ్రాం అదే పేజీ చుట్టూ తిరుగుతూ ఉండిపోతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ కనిపించదు. అందుకే సమయం సమానమైనప్పుడు ఎవరు ముందో తేల్చడానికి ఎన్నడూ పునరావృతం కాని నంబరు జతచేస్తారు.

పైన బ్రాకెట్లలో జతగా పోల్చే తీరును పోస్ట్‌గ్రెస్ చక్కగా అందుకుంటుంది. మైఎస్‌క్యూఎల్ అర్థం చేసుకుంటుంది గానీ ఇండెక్స్‌ను సరిగా వాడుకోదు. దాని దగ్గర విడమరిచి రాయడం మేలు:

```
WHERE ts <= '2025-01-14 09:30:15'
  AND (ts < '2025-01-14 09:30:15' OR id < 6021457)
```

వేగం మాట పక్కన పెట్టినా ఆఫ్‌సెట్‌తో ఇంకో చిక్కుంది, నిజానికి ఇదే పెద్దది. జాబితా కదులుతూ ఉంటుంది. మొదటి పేజీ చదువుతుండగా పైన మూడు కొత్త మార్పులు చేరాయనుకోండి. ఉన్నవన్నీ మూడు స్థానాలు కిందికి జరుగుతాయి. రెండో పేజీ తెరిస్తే మొదటి మూడూ చూసినవే. ఇది కాస్త చిరాకు, అంతే. మూడు వరుసలు తొలగిపోయిన సందర్భమే ప్రమాదకరం. అన్నీ మూడు స్థానాలు పైకి జరుగుతాయి, రెండో పేజీలో రావాల్సిన మూడు వరుసలు చప్పుడు లేకుండా మాయమవుతాయి. బ్యాంకు లావాదేవీల నకలు తీసే ప్రోగ్రాంలో ఇలా జరిగితే నెలాఖరున లెక్క తేలక తలలు పట్టుకోవాల్సిందే. కీసెట్‌లో ఆగిన చోటు గుర్తుంటుంది కాబట్టి పైన ఏం చేరినా, ఏం పోయినా కిందివాటికి భంగం లేదు. గుర్తుగా పెట్టుకున్న వరుస తొలగిపోయినా ఫర్వాలేదు, ఎందుకంటే అడుగుతున్నది ఆ విలువకంటే చిన్నవాటిని.

ఏపీఐ వాడేవాళ్లకు ఈ గొడవంతా తెలియనక్కర్లేదు. వికీపీడియా ఏపీఐని ఇటీవలి మార్పులు అడిగితే, జవాబుతో పాటు ఇలాంటి ముక్క ఒకటి వస్తుంది:

```
"continue": {
  "rccontinue": "20250114093015|6021457",
  "continue": "-||"
}
```

తర్వాతి విడతకు దీన్ని ఉన్నదున్నట్టు తిరిగి పంపాలి. లోపల ఏముందో ఊహించి సొంతంగా తయారు చేసుకోకూడదు, రేపు ఆ రూపం మారవచ్చు. ఇంకా మిగిలాయో లేదో తెలుసుకోవడానికి మీడియావికీ ఒక చిన్న ఉపాయం చేస్తుంది. 50 అడిగితే డేటాబేస్ నుంచి 51 తెస్తుంది. యాభై ఒకటోది వచ్చిందా, ఇంకా ఉన్నట్టు. మొత్తం ఎన్నున్నాయని లెక్కపెట్టే ఖర్చు తప్పింది.

లోట్లు లేవని కాదు. వికీపీడియా చరిత్రలో 37వ పేజీకి ఒక్క దూకు దూకలేరు, కొత్తవైపో పాతవైపో జరగాలి. కాకపోతే గుర్తు సమయమే కాబట్టి, ఫలానా తేదీ దగ్గరికి మాత్రం నేరుగా వెళ్లవచ్చు. పాఠకుడికి 37వ పేజీకంటే 2015 జూన్ పనికొస్తుంది. వెనక్కి రావాలంటే పోలికనూ వరుసనూ తిరగేసి అడిగి, వచ్చినదాన్ని మళ్లీ తిరగేసి చూపించాలి. అది కోడ్‌లో కాస్త అదనపు పని.

వరుసపెట్టడానికి వాడే విలువ మధ్యలో మారిపోతే కీసెట్ కూడా కాపాడలేదు. ‘చివరగా మార్చిన సమయం’ ప్రకారం కొత్తవి ముందుగా తోడుకుంటున్నప్పుడు, ఇంకా చూడని ఒక వరుసను ఎవరో దిద్దారనుకోండి. అది దాటేసిన భాగంలోకి ఎగిరిపోతుంది, ఇక దొరకదు. ఇలాంటి చోట పాతవాటి నుంచి కొత్తవాటి వైపు నడవడం క్షేమం. అప్పుడు దిద్దిన వరుస ముందుకు జరిగి మళ్లీ ఎదురవుతుంది. రెండుసార్లు రావడం అసలు రాకపోవడంకంటే నయం.

వెతుకులాట ఫలితాల తీరు వేరు. అక్కడ క్రమం ‘ఎంత దగ్గరగా సరిపోయింది’ అన్నదాన్ని బట్టి ఉంటుంది, స్థిరమైన గుర్తు దొరకడం కష్టం. వికీపీడియా వెతుకులాట నేటికీ ఆఫ్‌సెట్‌తోనే నడుస్తుంది, కాకపోతే 10,000 ఫలితాల దగ్గర గీత గీస్తుంది. ఎలాస్టిక్‌సెర్చ్ సాఫ్ట్‌వేర్ మామూలుగా పెట్టే హద్దూ అంతే. గిట్‌ల్యాబ్ తన ఏపీఐలో ఆఫ్‌సెట్‌కు 50,000 దగ్గర అడ్డుకట్ట వేసి, అది దాటేవారిని కీసెట్ వాడమంటుంది.

మీ దగ్గరున్న ఏపీఐ పరిస్థితి ఏమిటో తెలుసుకోవడం తేలికే. పోస్ట్‌గ్రెస్‌లో మీ ప్రశ్న ముందు `EXPLAIN ANALYZE` చేర్చి, మొదటి పేజీకి ఒకసారి, బాగా లోపలి పేజీకి ఒకసారి నడపండి. పైన లిమిట్ దగ్గర 50 వరుసలే కనిపిస్తాయి. దాని కింద ఇండెక్స్ దగ్గర 5,00,050 అని ఉందంటే, మీ సర్వర్ ఐదు లక్షల వరుసలు చదివి పారేస్తున్నట్టే. కొన్ని వేల వరుసలున్న ఆఫీసు తెరకు ఆఫ్‌సెట్టే చాలు, దాన్ని కదిలించకండి. బయటి ప్రోగ్రాములు చివరి దాకా తోడుకునే ఏపీఐకి మాత్రం మొదటి వెర్షన్‌లోనే కీసెట్ పెట్టండి. జనం పేజీ నంబర్లకు అలవాటు పడ్డాక మార్చబోతే వాళ్ల ప్రోగ్రాములన్నీ తిరగరాయించాల్సి వస్తుంది.