డబ్బు కట్ అయింది, దుకాణానికి రాలేదు: కస్టమర్‌కు ఎన్ని రోజులని చెప్పాలి?

వెలుగోడులో ఒక బట్టల దుకాణం అనుకుందాం. గురువారం సాయంత్రం, పండగ ముందు రద్దీ. ఒక పెద్దావిడ 1,850 రూపాయల బట్టలు తీసుకుని ఫోన్‌తో స్కాన్ చేశారు. ఆమె ఖాతాలో డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. కౌంటర్ మీది స్పీకర్ మాత్రం మోగలేదు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. అప్పుడు దుకాణదారు నోట ఠక్కున వచ్చే మాట ఒకటే: "ఏం కాదు ఖాలా, రేప్పొద్దునకల్లా వచ్చేస్తాయి."

తగువు అక్కడే మొదలవుతుంది. ఆ డబ్బు ఎప్పుడు తిరిగొస్తుందో ఆయన చేతుల్లో లేదు. రేపు రాకపోతే ఆవిడ కోపం బ్యాంకు మీద కాదు, ఈ మాట ఇచ్చిన మనిషి మీద.

ముందు చూసుకోవాల్సింది డబ్బు నిజంగా రాలేదా అన్నది. స్పీకర్‌కు సిగ్నల్ లేకపోయినా మోగదు. కాబట్టి దుకాణదారు తన యాప్‌లో లావాదేవీల జాబితా తెరిచి చూడాలి. బ్యాంకు ఖాతా మాత్రమే చూస్తే సరిపోదు. చాలా యాప్‌లు దుకాణం డబ్బును మరుసటి రోజు ఖాతాలో వేస్తాయి. ఆవిడ ఫోన్‌లో "పెండింగ్" అని ఉందా, "సక్సెస్" అని ఉందా అన్నది కూడా చూసి, 12 అంకెల యూటీఆర్ నంబరు, సమయం, మొత్తం చీటీ మీద రాసుకోవాలి. ఇది ఆవిడ కళ్లముందే జరగాలి. తన మాట విన్నారని ఆవిడకు తెలిసేది ఆ చీటీతోనే.

ఇక చెప్పాల్సిన మాట. "మీ ఖాతాలో కట్ అయినట్టు మెసేజ్ చూశాను ఖాలా. మా దగ్గర ఇంకా పడలేదు." రెండూ నిజాలే. ఆవిడ అబద్ధమాడుతోందని అనలేదు, డబ్బు అందిందని ఒప్పుకోనూ లేదు. నకిలీ స్క్రీన్‌షాట్లు తిరుగుతున్న రోజుల్లో ఈ జాగ్రత్త అవసరమే, కానీ అనుమానం ముఖం మీద కనపడనక్కర్లేదు.

రోజుల సంగతికి వస్తే, రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరులో ఇచ్చిన సర్క్యులర్‌లో గడువు ఉంది. యూపీఐలో దుకాణానికి కట్టిన డబ్బు కట్ అయి, దుకాణానికి కన్ఫర్మేషన్ రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు కాక మరో 5 రోజుల్లో దానంతటదే వెనక్కి వెళ్లాలి. గురువారం జరిగింది కాబట్టి మంగళవారం లోపు. లెక్క క్యాలెండర్ రోజులదే, ఆదివారం కూడా కలుస్తుంది. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారాన్ని, కస్టమర్ అడగకపోయినా, ఖాతాలో వేయాలి. అయితే మన ఊళ్లలో చాలా చిన్న దుకాణాల్లో అతికించేది సొంత నంబరు క్యూఆర్. అది మనిషి నుంచి మనిషికి పంపిన డబ్బు కింద లెక్క. అవతలి ఖాతాలో జమ చేయలేకపోతే మరుసటి రోజుకల్లా తిప్పి పంపాలన్నది దాని గడువు. తన క్యూఆర్ ఏ రకమో తెలియని దుకాణదారు ఎక్కువ రోజుల లెక్కే చెప్పడం మేలు.

గడువు ఉందంటే తప్పకుండా ఆ రోజుకు వస్తుందని కాదు. అందుకే మాట ఇలా ఉండాలి: "మంగళవారం లోపు తిరిగి రావాలని రూలు. ఒక్కోసారి ఆలస్యమైతది. మీ యాప్‌లో కంప్లయింట్ ఇప్పుడే పెడదాం, అది మీ ఫోన్ నుంచే పెట్టాలి. శనివారం అసర్ తర్వాత నేనే ఫోన్ చేస్తా, సంగతి తేలకపోయినా చేస్తా." ఇందులో ఆయన ఇచ్చిన మాట ఫోన్ చేయడం ఒక్కటే. అది ఆయన చేతిలో ఉన్నది. చెప్పుకోవడానికి ఏమీ లేనప్పుడు ఫోన్ చేయబుద్ధి కాదు, కానీ శనివారం ఫోన్ మోగకపోతే గురువారం చెప్పినదంతా వృథా.

ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీలకు 2020 ఈ-కామర్స్ నియమాలు పెట్టిన పద్ధతీ ఇలాంటిదే. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. వీధి దుకాణానికి ఆ నియమం వర్తించదు గానీ, "విన్నాను" అనడానికీ "తేల్చాను" అనడానికీ గడువులు వేరని అది చూపిస్తుంది.

బుధవారానికీ రాకపోతే, కంప్లయింట్ నంబరుతో ఆవిడ తన బ్యాంకులోనే అడగాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు.

బట్టల మాట మిగిలింది. తెలిసిన మనిషైతే చీటీ మీద ఇచ్చి పంపడం, కాకపోతే పేరు రాసి పక్కన పెట్టడం దుకాణదారు ఇష్టం. ఏది చేసినా ఆ గురువారమే చెప్పేయాలి. ఆవిడ మళ్లీ నగదు కట్టి తీసుకెళ్తే, పెండింగ్ డబ్బు ఆలస్యంగా దుకాణానికే జమ కావచ్చు. అప్పుడు 1,850 వెనక్కిస్తానని అదే చీటీ వెనక రాసి సంతకం పెట్టి ఇవ్వాలి.