పావు పవర్ అంటే ఎంత దూరం?

మధ్యాహ్నం పూట హాల్లో లైట్లన్నీ తీసేసి, కిటికీ ఒక్కటే తెరిచి, దానికి ఎదురుగా ఉన్న గోడ దగ్గర నిలబడండి. ఇంట్లో పెద్దవాళ్లు పేపరు చదవడానికి పెట్టుకునే చత్వారం కళ్లజోడు తీసుకుని, ఒక అద్దాన్ని గోడకు ఎదురుగా పట్టుకుని మెల్లగా ముందుకీ వెనక్కీ జరపండి. ఒకచోటికి రాగానే కిటికీ అవతల ఎండలో ఉన్న కొబ్బరిచెట్టు చిన్నదై, తలకిందులై, రంగులతో సహా గోడమీద కనిపిస్తుంది.

మా అమ్మ కళ్లజోడుతో ఇలా చేసి, గోడకీ అద్దానికీ మధ్య టేపు పెట్టి కొలిచాను. 50 సెంటీమీటర్లు వచ్చింది. ఆవిడ చీటీ తీసి చూస్తే +2.00 అని ఉంది. ఈ రెండు అంకెలూ ఒకే సంగతిని రెండు రకాలుగా చెబుతున్నాయి.

దూరం నుంచి వచ్చిన వెలుగును అద్దం ఎంత దూరంలో ఒకచోటికి చేరుస్తుందో దాన్ని నాభ్యాంతరం అంటారని పదో తరగతిలో చదువుకున్నాం. ఆ దూరాన్ని మీటర్లలో రాసి, 1ని దానితో భాగిస్తే వచ్చేదే పవర్. దాని కొలమానం డయాప్టర్. అర మీటరు అయితే 1ని 0.5తో భాగించాలి, 2 వస్తుంది. పావు మీటరు దూరంలోనే బొమ్మ పడితే అది 4 డయాప్టర్ల అద్దం. అద్దం వెలుగును ఎంత గట్టిగా వంచితే బొమ్మ అంత దగ్గర పడుతుంది, అంకె అంత పెద్దదవుతుంది.

ఇలా తిరగేసి రాయడం ఎందుకు, దూరాన్నే నేరుగా చెప్పొచ్చు కదా అనిపిస్తుంది. ఒకప్పుడు అలాగే చెప్పేవారు. యూరప్‌లో అద్దాలకు నాభ్యాంతరాన్ని అంగుళాల్లో నంబరుగా ఇచ్చేవారు. ఆ లెక్కలో 20 నంబరు అద్దం కంటే 40 నంబరు అద్దం బలహీనం. పైగా రెండూ కలిపి కంటి ముందు పెడితే ఎంతవుతుందో చెప్పాలంటే భిన్నాలు కూడాలి. 1872లో ఫెర్డినాండ్ మొనోయే అనే ఫ్రెంచి కంటి వైద్యుడు డయాప్టర్‌ను ప్రతిపాదించాడు. దాంతో లెక్క కూడికగా మారింది. 2 డయాప్టర్ల అద్దం మీద 1 డయాప్టర్ అద్దం ఆనించి పెడితే 3. కంటి పరీక్ష గదిలో బరువైన ఫ్రేము ముక్కు మీద పెట్టి, ఒకదాని మీద ఒకటి అద్దాలు వేస్తూ ‘ఇది బాగుందా, అది బాగుందా’ అని అడగడం ఈ కూడిక వల్లే సులువైంది.

మైనస్ అద్దం గోడమీద బొమ్మ చూపించదు. అది వెలుగును దగ్గరకు చేర్చడానికి బదులు చెదరగొడుతుంది. అయినా దాని అంకెలోనూ దూరమే దాగి ఉంది. మైనస్ సైటున్నవాళ్లు అద్దాలు తీసేసి, ఒక కన్ను మూసి, చిన్న అక్షరాల కాగితాన్ని కంటికి దగ్గరగా పట్టుకుని మెల్లగా దూరం జరపాలి. అక్షరాల అంచులు అలుక్కుపోవడం మొదలైనచోట ఆపి కొలవాలి. 40 సెంటీమీటర్లు వస్తే, 1ని 0.4తో భాగించండి. ఆ కంటికి సుమారు మైనస్ 2.50 సైటు. అంటే ఆ కంటికి స్పష్టమైన ప్రపంచం 40 సెంటీమీటర్ల దగ్గరే ముగుస్తుంది. అద్దం చేసే పనల్లా ఆ సరిహద్దును ఆకాశం దాకా జరపడమే. ఇది ఇంట్లో తేల్చుకునే అంచనా మాత్రమే. సిలిండర్ పవర్ ఉన్నవాళ్లకు లెక్క ఇంత తిన్నగా రాదు.

ఇప్పుడు పావు సంగతి. చీటీల మీద పవర్ 0.25 చొప్పున పెరుగుతుంది, తగ్గుతుంది. ‘పావే కదా, పాత అద్దాలతో సర్దుకుందాం’ అనే మాట ఇళ్లల్లో మామూలే. మైనస్ 1.75 కావలసిన కుర్రాడు పాత 1.50 అద్దాలే పెట్టుకున్నాడనుకుందాం. తక్కువైంది 0.25. 1ని 0.25తో భాగిస్తే 4. అద్దాలు పెట్టుకున్నా అతని స్పష్టమైన ప్రపంచం 4 మీటర్ల దగ్గర ఆగిపోయింది. ఇంట్లో టీవీకి అది సరిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తరగతిలో చివరి బెంచీ నుంచి బోర్డు అంతకంటే దూరం. అర తక్కువైతే సరిహద్దు 2 మీటర్లకు వచ్చేస్తుంది. మైనస్ 5.00 కావలసిన మనిషి 4.75 పెట్టుకున్నా ఇదే జరుగుతుంది. ఎక్కువ పవర్ ఉన్నవాళ్లకు పావు లెక్కలోకి రాదనుకోవడం పొరపాటు. చూపును మసకబార్చేది మొత్తం పవర్ కాదు, తక్కువపడిన పవర్.

ఆ సరిహద్దు దాటాక ఎంత మసక? దీనికీ ఒక చిన్న గుణకారం ఉంది. తక్కువైన డయాప్టర్లను వస్తువు ఉన్న దూరం మీటర్లతో గుణించి, అందులోంచి 1 తీసేసి, మిగిలినదాన్ని కంటిపాప వెడల్పు మిల్లీమీటర్లతో గుణించండి. ఆ వస్తువు మీద ఒక్కో చుక్కా ఎన్ని మిల్లీమీటర్ల మేర పరుచుకున్నట్టు కనిపిస్తుందో వస్తుంది. పగటిపూట కంటిపాప 3 మిల్లీమీటర్లు, తక్కువైంది 0.25, బస్సు 30 మీటర్ల దూరంలో ఉందనుకుంటే 19.5 మిల్లీమీటర్లు. బోర్డు మీది అక్షరంలో గీత మందం దాదాపు అంతే ఉంటే ‘పామర్రు’ లాంటి పేరులో కిందున్న ఒత్తు కలిసిపోతుంది. చీకటి పడ్డాక కంటిపాప 6 మిల్లీమీటర్లకు విచ్చుకుంటే ఆ మసక 39 మిల్లీమీటర్లు. పగలు బాగానే ఉన్న కళ్లజోడు రాత్రి బండి నడిపేటప్పుడు ఇబ్బంది పెట్టడానికి ఇదొక కారణం. ఎండలో కళ్లు చికిలించి చూసేవాడు చేస్తున్నది కూడా ఈ లెక్కే. రెప్పలు దగ్గరికి తెచ్చి, వెలుగు వచ్చే సందును తగ్గిస్తున్నాడు.

తక్కువైతే మసక సరే, ఎక్కువైతే? చిన్నవయసు కంటికి తన కటకాన్ని బిగించి కొంత ప్లస్ పవర్ తెచ్చుకునే శక్తి ఉంటుంది. మైనస్ పావో అరో ఎక్కువ ఇచ్చినా అది దాన్ని రద్దు చేసుకుంటుంది. చూపు స్పష్టంగానే ఉంటుంది, కానీ కన్ను రోజంతా ఆ పని చేస్తూనే ఉండాలి. సాయంత్రానికి తలనొప్పి, చదువుతుంటే కళ్లు లాగడం అలా కూడా రావచ్చు. అనుభవమున్న పరీక్షకులు దీన్ని ఒక ప్రశ్నతో పట్టుకుంటారు: కొత్త అద్దం వేశాక ఇంకొన్ని అక్షరాలు చదవగలిగారా, లేక అవే అక్షరాలు చిన్నవై, నల్లగా కనిపిస్తున్నాయా? రెండోదైతే ఆ పావు అక్కర్లేదు.

వయసు నలభై దాటాక ఆ బిగించే శక్తి సన్నగిల్లుతుంది, అదే చత్వారం. కన్ను సొంతంగా ఏమీ చేయలేకపోతే 40 సెంటీమీటర్ల దూరంలోని పేపరుకు 2.50 కావాలి. 65 సెంటీమీటర్ల దూరంలోని కంప్యూటరుకు ఒకటిన్నర చాలు. పేపరు చదివే అద్దాలతో కంప్యూటరు మసకగా కనిపించేది పవర్ తప్పయి కాదు, దూరం వేరయినందుకు. కాబట్టి ఈసారి పరీక్షకు వెళ్లేముందు టేపుతో మీ కుర్చీకీ, మీరు రోజూ చూసే తెరకూ మధ్య దూరం కొలుచుకుని వెళ్లండి. ‘ఒకటా రెండా’ అని అడిగినప్పుడు నల్లగా కనిపించినదాన్ని కాదు, ఎక్కువ అక్షరాలు చదివించినదాన్ని చెప్పండి.