లాభం ఎక్కడి నుంచి వచ్చింది?

క్యాటర్‌పిల్లర్ అమెరికాలో పేరున్న కంపెనీ. బుల్‌డోజర్లు, తవ్వకం యంత్రాలు తయారుచేస్తుంది. 1989లో దాని లాభం 49.7 కోట్ల డాలర్లు. అందులో 23 శాతం ఒక్క బ్రెజిల్ అనుబంధ సంస్థ నుంచే వచ్చింది. అమ్మకాల్లో ఆ సంస్థ వాటా మాత్రం 5 శాతమే. యంత్రాలు అమ్ముకుని సంపాదించిన లాభం ఆ ఏడాది అక్కడ మామూలుగానే ఉంది. ఎక్కువ వచ్చింది వడ్డీలు, ఎగుమతి రాయితీలు, కరెన్సీ మార్పిడి లెక్కల వంటి వాటి వల్ల వచ్చింది. ధరలు విపరీతంగా పెరిగిపోతున్న దేశంలో ఆ ఏడాదికి అలా కలిసివచ్చింది.

వార్షిక నివేదికలో ఈ మాట లేదు. అన్ని దేశాల లెక్కలూ కలిపి చూపించడంతో వాటాదారుకు మొత్తం అంకె తప్ప మరేమీ కనపడలేదు. 1990 మార్చిలో బ్రెజిల్‌లో కొత్త ప్రభుత్వం వచ్చి, ధరలను అదుపు చేయడానికి కఠినమైన చర్యలు తీసుకుంది. జూన్‌లో కంపెనీ ఆ ఏడాది లాభం అనుకున్నదానికంటే బాగా తగ్గుతుందని ప్రకటించింది. షేరు పడింది. అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఆరా తీస్తే, ఆ ఏడాది మొదట్లోనే బోర్డు సమావేశాల్లో బ్రెజిల్ గురించి చర్చ జరిగిందని తేలింది. లోపల తెలిసిన విషయం నివేదికలో లేకపోవడం నిబంధనల ఉల్లంఘనేనని 1992లో ఆ సంస్థ తేల్చిచెప్పింది. లెక్కల్లో తప్పు ఉందని అనలేదు. లెక్కలు సరైనవే, వివరణే చాలలేదు.

ఆ వివరణ ఉండాల్సిన చోటు మేనేజ్‌మెంట్ డిస్కషన్ అండ్ అనాలిసిస్ అనే అధ్యాయం. మన దేశంలో లిస్టెడ్ కంపెనీల వార్షిక నివేదికలో ఇది ఉండాలని సెబీ 2015 నాటి లిస్టింగ్ నిబంధనలు చెబుతున్నాయి. పరిశ్రమ పరిస్థితి, విభాగాలవారీ పనితీరు, రిస్కులు, రాబోయే కాలంపై అంచనా, అంతర్గత నియంత్రణలు, ఉద్యోగుల వివరాలు ఇందులో రావాలి. 2019 నుంచి ఇంకొకటి చేరింది. బాకీల వసూలు, సరుకు నిల్వ, వడ్డీ కట్టే శక్తి, అప్పు, లాభశాతం వంటి ముఖ్యమైన నిష్పత్తుల్లో ఏదైనా అంతకుముందు ఏడాదితో పోలిస్తే 25 శాతం లేదా అంతకంటే ఎక్కువ మారితే, ఎందుకు మారిందో వివరంగా రాయాలి.

అసలు పరీక్ష ఆ వివరణ దగ్గరే. ఊహకు ఒక రొయ్యల మేత కంపెనీని తీసుకుందాం. నిరుడు అమ్మకాలు 1,000 కోట్లు, ఈ ఏడాది 1,147 కోట్లు. పన్ను పోను లాభం మాత్రం 60 కోట్ల నుంచి 46 కోట్లకు తగ్గింది. ముసాయిదాలో తరచు కనిపించే వాక్యం ఇలా ఉంటుంది: "ప్రతికూల మార్కెట్ పరిస్థితుల్లోనూ కంపెనీ అమ్మకాల్లో దాదాపు 15 శాతం వృద్ధి సాధించింది. ముడిసరుకు ధరల వల్ల లాభంపై ఒత్తిడి పడింది." ఇందులో అబద్ధం లేదు, కానీ చదివినవాడికి తెలిసింది కూడా ఏమీ లేదు.

రాసేవాడు మొదట అమ్మకాలను విడదీయాలి. నిరుడు 1,25,000 టన్నులు, టన్ను 80,000 రూపాయల చొప్పున అమ్మారు. ఈ ఏడాది 1,27,500 టన్నులు, టన్ను 90,000 చొప్పున. అంటే సరుకు పెరిగింది 2 శాతమే. పెరిగిన 147 కోట్లలో 127 కోట్లకు పైగా ధర పెంచడం వల్ల వచ్చినవే. తర్వాత ఖర్చు చూడాలి. సోయా చెక్క, చేపల పొడి ధరలు పెరిగి టన్నుకు ముడిసరుకు ఖర్చు 11,000 పెరిగింది, కంపెనీ ధర పెంచింది 10,000. ఆ వెయ్యి తేడా వల్ల సుమారు 13 కోట్లు పోయాయి. అదనంగా అమ్మిన సరుకు మీద 5 కోట్లు వచ్చాయి. వడ్డీ 7 కోట్లు పెరిగింది, మొండిబాకీలకు 4 కోట్లు పక్కన పెట్టారు. అంతా కలిపితే పన్నుకు ముందు లాభం 80 కోట్ల నుంచి 61 కోట్లకు దిగింది.

వడ్డీ ఎందుకు పెరిగిందని అడిగితే అసలు విషయం బయటికి వస్తుంది. డీలర్ల నుంచి రావాల్సిన సగటు బాకీ 125 కోట్ల నుంచి 191 కోట్లకు చేరింది. నిరుడు 46 రోజుల్లో చేతికొచ్చే డబ్బు ఇప్పుడు 61 రోజులకు వస్తోంది. రొయ్యకు ధర లేక రైతు డీలరుకు కట్టలేకపోయాడు, డీలరు కంపెనీకి కట్టలేదు, కంపెనీ బ్యాంకు దగ్గరకు వెళ్లింది. అమ్మకాలు పెరిగాయని సంబరంగా రాసిన వాక్యం పక్కనే ఈ వాక్యం లేకపోతే ఆ అధ్యాయం వాటాదారును తప్పుదారి పట్టించినట్టే. బాకీల్లో 90 రోజులు దాటినవి ఎంత, ఏడాది ముగిశాక అందులో ఎంత వసూలైంది, అప్పు మీద సరుకు ఇవ్వడం తగ్గించారా లేదా, ఈ మూడూ రాస్తే చాలు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. లాభశాతం 6 నుంచి 4కు వస్తే "రెండు శాతమే కదా, 25 దాటలేదు" అని వదిలేస్తారు. లెక్క అలా కాదు. ఆరులో రెండు పోతే మూడో వంతు తగ్గినట్టు, కాబట్టి వివరణ తప్పనిసరి.

రిస్కుల భాగం చాలా నివేదికల్లో ఏటా అదే పాఠం. పోటీ, వాతావరణం, విదేశీ మారకం, సైబర్ దాడులు అంటూ వరసగా ఉంటాయి. ఏ కంపెనీ పేరు పెట్టినా సరిపోయే వాక్యం రిస్కు కాదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులు చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆంధ్ర రొయ్యకు అమెరికా పెద్ద మార్కెట్. మేత కంపెనీ ఆ దేశానికి ఒక్క బస్తా పంపకపోయినా దెబ్బ ఎలా తగులుతుందో చెప్పాలి. ఎగుమతిదారు చెరువు గట్టున ఇచ్చే ధర తగ్గిస్తాడు, రైతు తర్వాతి పంటకు పిల్లలు తక్కువ వదులుతాడు, మేత అమ్మకాలు కొన్ని నెలలు ఆలస్యంగా పడిపోతాయి. ఇలా రాసినప్పుడే అది ఈ కంపెనీ రిస్కు అవుతుంది.

అంచనాల దగ్గర భయం సహజమే. ఫలానా లాభం వస్తుందని రాసి రాకపోతే నిలదీస్తారు. అందుకే అంకె ఇవ్వకపోయినా ఫర్వాలేదు, దేని మీద ఆధారపడి చెబుతున్నారో రాయాలి: సోయా ధర ఇప్పటి స్థాయిలోనే ఉంటుందని, కొత్త ప్లాంటు ఫలానా త్రైమాసికంలో మొదలవుతుందని. అప్పుడు అంచనా తప్పినా ఎక్కడ తప్పిందో పాఠకుడికి తెలుస్తుంది. మన నిబంధనల్లో ఆడిట్ కమిటీ ఈ అధ్యాయాన్ని తప్పనిసరిగా పరిశీలించాలి. కమిటీ సభ్యులు దీన్ని బోర్డుకు ఏడాది పొడవునా వెళ్లిన పత్రాల పక్కన పెట్టి చదవాలి. అక్కడ రెండుసార్లు చర్చకొచ్చిన సమస్య ఇక్కడ కనపడకపోతే ముసాయిదాను వెనక్కి పంపాలి.

షేర్లున్నవారు చేయగలిగింది కూడా ఉంది. వార్షిక నివేదికలు స్టాక్ ఎక్స్ఛేంజీల సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. నిరుటి నివేదికలో అంచనాల పేజీ, ఈ ఏడాది ఫలితాల పేజీ పక్కపక్కన పెట్టి చదవండి. నిరుడు చెప్పినదానికి ఈ ఏడాది జవాబు లేకపోతే, వార్షిక సమావేశంలో ఆ ప్రశ్న పేజీ నంబరుతో సహా అడగండి.