స్లాబ్ దాకా రోజులు, ఆ తర్వాత నెలలు

ఇల్లు కట్టించుకోబోయేవాళ్ళ చేతికి కొందరు కాంట్రాక్టర్లు రంగురంగుల చార్టొకటి ఇస్తారు. శంకుస్థాపన నుంచి చివరి కోటు రంగు దాకా ప్రతి పనికీ తేదీ ఉంటుంది. వంటగది టైల్స్ ఫలానా మంగళవారం మొదలవుతాయి, కిటికీలు ఫలానా శుక్రవారం బిగిస్తారు. చూడగానే నమ్మకం కలుగుతుంది. పునాది తవ్వకంలో నీరు ఊరితేనో, సెంట్రింగ్ ముఠా పక్క సైటుకు వెళ్ళిపోతేనో నెలలోపే ఆ తేదీలన్నీ తప్పుతాయి. ఆ తర్వాత చార్టు గోడకు వేలాడుతుంటుంది గానీ దాన్ని చూసేవాడుండడు. ఎనిమిది నెలల తర్వాతి మంగళవారం ఏం జరుగుతుందో ఆ చార్టు గీసినాయనకూ తెలియదు.

దీనికి మారుగా, దగ్గర్లో ఉన్న పనిని రోజువారీగా విడగొట్టి రాసుకుని, దూరంగా ఉన్నదాన్ని కావాలనే ఉజ్జాయింపుగా వదిలేసే పద్ధతి ఒకటుంది. ప్రాజెక్టు మేనేజర్లు దీన్ని రోలింగ్ వేవ్ ప్లానింగ్ అంటారు. పని ముందుకు జరిగేకొద్దీ వివరం కూడా ముందుకు జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో, పెద్ద నిర్మాణాల్లో ఎప్పటినుంచో వాడుతున్నారు. అయితే మామూలు ఇంటి నిర్మాణంలోనే ఇది బాగా అర్థమవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండు వందల గజాల స్థలం, వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, ఒకే అంతస్తు. కార్తీకంలో పని మొదలైంది. వచ్చే శ్రావణంలో గృహప్రవేశం చేయాలి. ఆషాఢంలో చేయరు, భాద్రపదం శూన్యమాసం. అంటే చివరి గడువు మాత్రం గట్టిది, ఆ ఒక్క నెల దాటితే మళ్ళీ ఆగాల్సిందే. ఇప్పుడు సంక్రాంతి వెళ్ళింది. పునాదులు, ప్లింత్ బీములు పూర్తయ్యాయి. యజమాని, మేస్త్రీ కూర్చుని కాగితం తీశారు.

మొదటి ఆరు వారాలు వివరంగా రాస్తారు. పండక్కి ఊరెళ్ళిన కూలీలు కనుమ మర్నాడే దిగుతారనుకోకూడదు గనక మొదటి వారంలో సగం పనే పెట్టుకుంటారు. ఆ వారమూ తర్వాతి వారమూ పిల్లర్లు. మూడో వారంలో సెంట్రింగ్. నాలుగో వారం మొదట్లో కడ్డీలు కట్టడం, ఆ వెంటనే ఒక రోజు ఎలక్ట్రీషియన్‌కి, మర్నాడు ఇంజనీరు వచ్చి కడ్డీలు చూడటం, శనివారం స్లాబ్. వెయ్యి చదరపు అడుగుల స్లాబు ఐదంగుళాల మందమైతే సుమారు 12 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది, బీములకు అదనం. సైట్‌లో కలిపితే స్లాబు వరకే దాదాపు వంద బస్తాల సిమెంటు కావాలి. ఆ వంద బస్తాలు ఎక్కడ పెట్టాలి, మిక్సరు ఏ వైపు నిలపాలి, ఆ రోజు కరెంటు పోతే వైబ్రేటరు ఎలా నడపాలి అన్నది కూడా ఈ కాగితం మీదే ఉండాలి. వివరం అంటే ఇదీ.

స్లాబు వేశాక ఏమవుతుందో కూడా ఇక్కడే తేలుతుంది. మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుతో వేసి వాతావరణం మరీ చల్లగా లేనప్పుడు, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్లలోపు ఉన్న స్లాబు కింది ముట్లు కనీసం 7 రోజులు ఉండాలి. అంతకు మించితే 14 రోజులు. బీములకు 6 మీటర్ల దాకా 14, దాటితే 21. ఫ్లైయాష్ కలిసిన సిమెంటైతే ఇంకొంత ఆగాలి. ఆ రోజుల్లో లోపలంతా ముట్లే కాబట్టి గోడల పని సాగదు. తాపీ మేస్త్రీని ఊరికే కూర్చోబెడితే ఇంకో సైటుకు పోతాడు, ఒకసారి పోతే ఎప్పుడొస్తాడో చెప్పలేం. అందుకే నీళ్ళ సంపు, ప్రహరీ పునాది లాంటివి సరిగ్గా ఈ రెండు వారాల్లోకి తెచ్చి పెట్టుకుంటారు. ఏడాది చార్టులో ఈ ఖాళీ కంటికి ఆనదు, ఆరు వారాల కాగితంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఆ తర్వాతి మూడు నెలలకు వారాల లెక్క చాలు. గోడలు నాలుగు వారాలు, పైపులైన్లు రెండు, ప్లాస్టరింగ్ నాలుగైదు. రోజులు రాయరు.

ఆ పైన ఉన్నదంతా ఒక్కో పనికి ఒక్కో వాక్యం. ‘ఫ్లోరింగ్: మూడు నుంచి ఐదు వారాలు, లక్ష నుంచి రెండు లక్షలు.’ తలుపులు, కిటికీలు, రంగులు, అన్నీ ఇలాగే. ఇది బద్ధకం కాదు. ప్లాస్టరింగ్ అయితే తప్ప గది అసలు కొలత తెలియదు, ఆ కొలత లేకుండా టైల్స్ కొనలేం. ముందే కొని, చాలక మళ్ళీ తెస్తే రెండో విడత సరుకు రంగు తేడా వస్తుంది. యూపీవీసీ కిటికీలు చేసేవాడు కూడా గోడలో వదిలిన ఖాళీని టేపుతో కొలుచుకున్నాకే పని మొదలెడతాడు. సిమెంటు మొత్తం ముందే కొని పడేద్దామా అంటే నిల్వలో బలం తగ్గుతుంది, మూడు నెలలు దాటినదాన్ని పరీక్షించకుండా వాడకూడదు. పైగా వంటగది గట్టు ఎటువైపు ఉండాలన్న విషయంలో ఇంటావిడ మనసు గోడలు లేచాక మారుతుంది. మారనివ్వాలి కూడా, గదిలో నిలబడి చూస్తేగాని ఆ సంగతి ఎవరికైనా తెలియదు.

ఇంతవరకూ బాగానే ఉంది. తిప్పలు వచ్చేది ఇక్కడినుంచే. పని దూరంగా ఉన్నంత మాత్రాన దానికి సంబంధించిన నిర్ణయం కూడా దూరంగా ఉందనుకోకూడదు. ఫ్యాన్లు బిగించేది జూలైలో, కానీ ఫ్యాన్ బాక్సు, వైర్ల పైపు స్లాబులో దాగాల్సింది ఫిబ్రవరిలో. పై అంతస్తు ఎప్పటికైనా వేస్తారా, వేస్తే బాత్రూమ్ ఎక్కడ వస్తుంది అన్నది ఇప్పుడే చెప్పాలి, ఎందుకంటే అక్కడ స్లాబును కిందికి దించి వేయాలి. ఏసీ గొట్టం బీములోంచి పోవాలంటే స్లీవు ముందే పెట్టాలి. గట్టిపడిన బీముకు ఆ తర్వాత డ్రిల్లుతో కన్నం పెడితే కడ్డీ తెగే ప్రమాదం ఉంది. సింహద్వారం గుమ్మం గోడతో పాటే నిలబెడతారు గనక, టేకు చెక్క కొని వడ్రంగికి ఇవ్వాల్సింది స్లాబు నానుతున్న రోజుల్లోనే.

కాబట్టి ఉజ్జాయింపుగా వదిలిన ప్రతి పని పక్కన ఒక తేదీ మాత్రం ఖచ్చితంగా ఉండాలి. అది పని మొదలయ్యే తేదీ కాదు, ‘ఇంతలోగా తేల్చాలి’ అన్న తేదీ. నా దృష్టిలో ఈ పద్ధతికి ప్రాణం ఇదే. ఆ తేదీలు లేనిదాన్ని పథకం అనలేం, రేపు చూద్దాంలే అనుకోవడమే అది.

రెండు వారాలకోసారి మళ్ళీ కూర్చోవాలి. అయిపోయిన రెండు వారాలు కొట్టేసి, చివర్లో మరో రెండు వారాలు చేర్చి, వాటిని కూడా రోజుల్లోకి విడగొట్టాలి. దగ్గరికొచ్చిన ప్రతి పనికీ అవే ప్రశ్నలు: డ్రాయింగు ఉందా, సరుకు సైటులో ఉందా, మనుషులు మాటిచ్చారా, దానికి ముందు కావాల్సిన పని అయిందా. ఒక్కదానికి ‘లేదు’ అని వచ్చినా ఆ పనిని ఈ వారం జాబితాలో పెట్టకూడదు. అమెరికాలో గ్లెన్ బల్లార్డ్, గ్రెగరీ హోవెల్ 1990లలో నిర్మాణ రంగానికి రూపొందించిన లాస్ట్ ప్లానర్ పద్ధతిలో ఈ జల్లెడే కీలకం. వారం మొదట్లో చేస్తామన్న పనుల్లో వారాంతానికి ఎన్ని అయ్యాయో వాళ్ళు లెక్కగట్టి చూస్తే, సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే అయినట్టు తేలింది. మన సైట్లలో మేస్త్రీలు ఇంతకంటే గొప్పగా చెప్పుకోలేరనే నా అనుమానం. ఈ లెక్క ఎవరైనా నోటుపుస్తకంలో వేసుకోవచ్చు: పది పనులనుకుంటే ఎన్ని అయ్యాయి, కానివాటికి కారణమేంటి. మూడు వారాలు వరసగా ఒకే కారణం కనిపిస్తే జబ్బు దొరికినట్టే.

పద్ధతి గాడి తప్పిందని పట్టించే గుర్తులు రెండున్నాయి. ఒకటి, వివరం ముందుకు జరగకపోవడం. ఆరు వారాలుండాల్సిన వివరం నాలుగుకు, రెండుకు, చివరికి ‘రేపటికి ఇసుక చెప్పారా’ దాకా కుంచించుకుపోతుంది. రెండోది డబ్బు. పునాదికి అనుకున్నదానికంటే రెండు లక్షలు ఎక్కువైతే, ఎలాగూ ఖచ్చితంగా రాయలేదు కదా అని ఫ్లోరింగ్, రంగుల పద్దులోంచి లాగేస్తారు. కాగితం మీద మొత్తం ఖర్చు మారదు, అందరూ నిశ్చింతగా ఉంటారు. జూన్‌లో గానీ బయటపడదు, రంగులకు పైసా లేదని. పెద్ద ప్రాజెక్టుల లెక్కల్లో దీనికి కఠినమైన నియమం ఉంది: దూరపు పని పద్దును దగ్గరి పని నష్టాన్ని పూడ్చడానికి వాడకూడదు, పెరిగిన ఖర్చును పెరిగినట్టే చూపాలి. ఇంటి లెక్కలోనూ అంతే. అనుకోనివాటికి వేరే పద్దు పెట్టుకుని, వాడిన ప్రతిసారీ రాసుకోవాలి.

ఈ ఆలోచన ఒకప్పుడు దేశం స్థాయిలో కూడా వచ్చింది. జనతా ప్రభుత్వం ఐదో పంచవర్ష ప్రణాళికను ఏడాది ముందే ముగించి, 1978లో రోలింగ్ ప్లాన్ తెచ్చింది. ఏటేటా సరిచూసుకుంటూ లక్ష్యాలను ముందుకు జరుపుకుంటూ పోవాలన్నది దాని ఉద్దేశం. 1980లో కాంగ్రెస్ తిరిగి రాగానే దాన్ని పక్కనపెట్టి 1980–85కి ఆరో ప్రణాళిక చేసింది. రెండేళ్ళలో ముగిసిన ప్రయోగం కాబట్టి దాని మంచిచెడ్డలు తేల్చడం కష్టం. ఒక చిక్కు మాత్రం అప్పుడే చర్చకొచ్చింది: లక్ష్యాన్ని ఏటా జరుపుకునే వీలుంటే, అది అందలేదని ఎవరిని నిలదీయాలి? ఇంటి విషయంలో జవాబు సులువు. మధ్యలోని తేదీలు ఎన్నిసార్లు మారినా శ్రావణం మారదు.

ప్రతిచోటా ఇది పనికిరాదు కూడా. ఒక్క పూటలో జరిగిపోయే పనికి, ఉదాహరణకు రైల్వేవాళ్ళు కొన్ని గంటలు రైళ్ళాపి పాత గర్డరు తీసి కొత్తది పెట్టే పనికి, చివరి నిమిషం దాకా అంతా ముందే రాసి ఉండాలి. మధ్యలో కూర్చుని మళ్ళీ ఆలోచించే వ్యవధి అక్కడ లేదు.

బ్యాంకులు గృహరుణాన్ని పునాదికి ఇంత, స్లాబుకు ఇంత అని దశలవారీగానే విడుదల చేస్తాయి కాబట్టి, మీ కాగితం కూడా ఆ దశలకు సరిపోయేలా రాసుకుంటే సగం చిక్కులు తప్పుతాయి. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు ఏడాది చార్టు అడగకండి. రాబోయే ఆరు వారాల రోజువారీ జాబితా ఒకటి, దూరపు పనుల్లో ఏది ఎప్పటిలోగా తేల్చాలో చెప్పే తేదీల జాబితా మరొకటి, ఈ రెండూ రాసిమ్మని అడగండి. రెండోది రాయలేని మేస్త్రీకి మీ స్లాబు అప్పగించకండి.